ఆదివారం వెలగని ఎర్రదీపం

ఎబినేజర్ గారు ముప్పై ఒక్క ఏళ్ళు లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యారు. కాట్రేనికోన దాటి, సరుగుడు తోటలూ రొయ్యల చెరువులూ కూడా అయిపోయాక, సముద్రం ఒడ్డున ఉండేది ఆయన దీపం. పదిహేను సెకన్లకి రెండు మెరుపులు, తర్వాత చీకటి, మళ్ళీ రెండు. నడిసముద్రంలో ఉన్నవాడు ఆ లెక్క చూసుకునే తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. ఈ సంగతి ఆయన పెళ్ళిచూపుల్లో సుందరి గారికి చెప్పారు, తర్వాత పిల్లాడికి చెప్పారు, పిల్లాడి పెళ్ళయ్యాక కోడలికి చెప్పారు. చివర ఎప్పుడూ ఒకటే మాట: "మెరుస్తోందంటే పని చేస్తోందని. కదలకుండా నిలబడి వెలుగుతోందంటే లోపల ఏదో పట్టేసిందని."

రిటైరయ్యాక ఆయనకి చూసుకోడానికి దీపం లేకపోయింది. నీళ్ళ మోటారు స్టార్టర్ మీద ఒక ఎర్ర బల్బు ఉండేది గానీ అందులో పెద్ద విశేషం లేదు. ఉదయం ఐదింటికి లేచి, అలవాటు కొద్దీ డైరీలో గాలి ఎటువైపు వీస్తోందో, మబ్బుందో లేదో రాసుకునేవారు. అది చదివేవాళ్ళెవరూ లేరు. సుందరి గారు ఒకసారి తిరగేసి, "నేనీ ఇంట్లో ఉన్నట్టు ఎక్కడా రాయలేదేంటండీ?" అన్నారు.

"నీలో మార్పు లేదు కదా, రాయడానికి," అన్నారాయన.

అలాంటి ఇంటికి రెండు నెలల కిందట ఫైబర్ నెట్ వచ్చింది. కోడలు స్టెల్లా కోసం పెట్టించారు. స్టెల్లా కాకినాడలో నర్సుగా చేసింది. ఆమె భర్త సుభాష్ మస్కట్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. పెళ్ళై రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది నలభై మూడు రోజులు. ఇప్పుడు మస్కట్‌లో ఒక ఆసుపత్రివాళ్ళు నర్సుల్ని తీసుకుంటున్నారు. ఇంటర్వ్యూ కంప్యూటర్లో, వీడియో మీద. ఊళ్ళో సెల్‌ఫోన్‌లో మాట వరకూ వస్తుంది గానీ, నెట్ సిగ్నల్ కొబ్బరిచెట్ల మధ్య దారి తప్పిపోతుంది. వైర్ తప్ప గతి లేదు.

అమలాపురం నుంచి కేబుల్ కుర్రాడు వీరన్న వచ్చి, రోడ్డు మీది స్తంభం నుంచి పెరట్లో కొబ్బరిచెట్టుకీ, చెట్టు నుంచి హాలు కిటికీ పక్క మేకుకీ నల్లటి బద్ద వైరు లాగి, మిగిలిన వైరుని ఆ మేకుకే చుట్టి, లోపల ఒక తెల్లపెట్టె బిగించి వెళ్ళాడు. పెట్టె ముఖం మీద ఆరు చిన్న దీపాలు. ఎబినేజర్ గారు కుర్చీ తెచ్చి దాని ఎదురుగా వేసుకున్నారు.

మొదటి ఇంటర్వ్యూ ఆయన చేతిలోనే పోయింది. స్టెల్లా తలుపేసుకుని లోపల మాట్లాడుతోంది. పెట్టె ఇవతల హాల్లో ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. మొదటి రెండు దీపాలూ ఆకుపచ్చగా, కదలకుండా, రాయిలా వెలుగుతున్నాయి. వాచీ పట్టుకుని ఒక నిమిషం చూశారు. రెండు నిమిషాలు చూశారు. మెరవలేదు. పట్టేసిందనుకున్నారు. కోడలి జీవితంలో ముఖ్యమైన రోజున యంత్రం పట్టేస్తే చూస్తూ ఊరుకోవడం ఆయన ఉద్యోగధర్మం కాదు. స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేశారు. రెండో దీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన తృప్తిగా వెనక్కి ఆనుకున్నారు.

తలుపు తెరుచుకుంది. స్టెల్లా గుమ్మంలో నిలబడింది.

"మావయ్యగారండీ, నెట్ పోయిందండీ."

"పోలేదమ్మా. ఇందాకే బాగు చేశాను. చూడు, ఎలా కొట్టుకుంటోందో."

పెద్దవాళ్ళని ఒక మాట అనే పెంపకం కాదు స్టెల్లాది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది, అంతే. ఆ తలుపు చప్పుడు లేకుండా పడడమే ఆయనకి ఎక్కువ బాధనిపించింది. ఆసుపత్రివాళ్ళు మర్యాదస్తులు, రెండు వారాల తర్వాత ఇంకో రోజు ఇచ్చారు. మళ్ళీ తెగితే మటుకు వేరేవాళ్ళని చూసుకుంటామని అందులోనే రాశారు.

మర్నాడు ఎబినేజర్ గారు కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి వీరన్నని పిలిపించారు. వీరన్న సంగతంతా విని, నవ్వు ఆపుకోడానికి కాసేపు వంగి వైరు చూస్తున్నట్టు నటించాడు.

"బాబాయిగారండీ, ఇది మీ లైట్‌హౌస్ కాదండి. దీని లెక్క వేరండి."

"చెప్పు మరి, రాసుకుంటాను."

"మొదటిది పవర్. అది కదలకుండా వెలగాలండి. రెండోది పీఓఎన్. అదీ అంతే, నిలబడి వెలగాలి. అది కొట్టుకుంటోందంటే అమలాపురంలో మా ఆఫీసు మిషనుతో ఇంకా మాట కలవలేదని. కరెంటు పోయి వచ్చేక ఒకట్రెండు నిమిషాలు కొట్టుకుంటుంది, దానికి కంగారు పడకండి. ఐదు నిమిషాలైనా కుదురుకోకపోతే మాకు ఫోన్ చెయ్యండి."

"అంటే నిన్న నేను..."

"బాగున్నదాన్ని పడుకోబెట్టేరండి. తర్వాత, ఇంటర్నెట్, లాన్, వైఫై. ఈ మూడూ మినుకుమినుకుమంటే మంచిదే. ఏదో లోపలికొస్తోంది, బయటికెళ్తోంది అని. పీఓఎన్ నిలబడి ఉండి, ఇంటర్నెట్ ఒక్కటే వెలక్కపోతే మటుకు లైన్ది కాదు తప్పు. రీఛార్జి అయిపోయి ఉండాలి, లేదంటే మావాళ్ళు ఆఫీసులో సరిచెయ్యాలి."

"మధ్యలో ఒకటి వెలగడం లేదే. దాన్ని మార్చవా?"

"అది ఎల్ఓఎస్. అది ఆరి ఉంటేనే ఆరోగ్యమండి. అది ఎర్రగా కొట్టుకుంటే వైర్లోంచి వెలుగు రావట్లేదని. అప్పుడు మీరు ఎన్నిసార్లు స్విచ్ ఆపి వేసినా లాభం లేదు. వైరు తెగిందో, మడత పడిందో, కొసన ఊడిందో. మేం రావాల్సిందే."

ఎబినేజర్ గారు రాయడం ఆపారు. "వైర్లో వెలుగేంటి?"

"దీంట్లో కరెంటుండదండి. వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది. దాంట్లోంచి వెలుగే వస్తుంది. కంటికి కనపడదు, కానీ కొస ఊడదీసి కంటికి పెట్టుకోకూడదు."

ఆయన లేచి కిటికీ దగ్గరకెళ్ళి, కొబ్బరిచెట్టు నుంచి వస్తున్న నల్లటి వైరుని కొత్తచుట్టాన్ని చూసినట్టు చూశారు.

"అయితే అమలాపురంలో ఒక దీపముందన్నమాట."

"ఆయ్. అలాగే అనుకోండి."

"ఎంత దూరం వస్తుంది?"

"ఇరవై కిలోమీటర్ల దాకా వస్తుందండి."

"మాది ముప్పై," అన్నారు ఎబినేజర్ గారు.

వీరన్న వెళ్ళబోతూ పెట్టె వెనక ఉన్న సన్న కన్నం చూపించి, అందులో పిన్నీసుతో పొడవొద్దని, పొడిస్తే దానికున్న జ్ఞాపకమంతా పోతుందని చెప్పాడు. పిన్నీసుల డబ్బా సుందరి గారు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ రోజు నుంచి డైరీలో గాలికీ మబ్బుకీ తోడు ఆరు గళ్ళు చేరాయి. ప్రతి అరగంటకీ ఆయన ఒకసారి చూసి రాసేవారు. నాలుగో రోజుకే ఆయనకి ఒక సంగతి కనపడింది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది. పదకొండు అయ్యేసరికి దానంతటదే ఆరిపోతోంది. పీఓఎన్ కాసేపు కొట్టుకుని కుదురుకుంటోంది. మర్నాడూ అంతే.

ఆఫీసులో ఫోన్ ఎత్తే అమ్మాయి పేరు కుసుమ. రోజుకి అరవైమంది "నెట్ రావట్లేదండీ" అంటే విని, "దీపాలు చెప్పండి" అనే ఉద్యోగం ఆమెది. చాలామంది "వెలుగుతున్నాయి" అని ఊరుకుంటారు. ఎబినేజర్ గారు మాత్రం దీపాలన్నీ పేరుపేరునా చెప్పి, ఏది ఎప్పుడు మారిందో, అప్పుడు గాలి ఎటుందో కూడా చెప్పారు.

"గాలి అక్కర్లేదండీ. ఎల్ఓఎస్ ఎరుపంటే లైనేనండి. వీరన్నని పంపుతాను."

వీరన్న పదకొండున్నరకి వచ్చాడు. మీటరు పెట్టి చూస్తే వెలుగు నిక్షేపంగా వస్తోంది. "బాగుంది కదండీ," అన్నాడు. రెండోసారీ పదకొండున్నరకే వచ్చాడు, అప్పుడూ బాగుంది. ఉదయం పూట కొత్త కనెక్షన్ల పనుంటుందట, అంతకంటే ముందు రాలేనన్నాడు. జ్వరం పట్టిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడ జ్వరం ఉండనట్టుగా ఉంది ఎబినేజర్ గారి పరిస్థితి.

పదో రోజున ఆయన డైరీ అంతా మొదటి నుంచి చదువుకుని మళ్ళీ కుసుమకి ఫోన్ చేశారు.

"ఆదివారం మీ ఆఫీసుకి సెలవామ్మా?"

"సెలవేనండి. ఏమండీ?"

"ఆదివారం ఒక్కరోజే ఎర్రదీపం వెలగలేదు. మీరు సెలవు పెట్టిన రోజే లైన్ బాగుంటోంది. మిగతా రోజుల్లో తొమ్మిదింటికి మీవాళ్ళు అక్కడ ఏం కదుపుతున్నారో కాస్త కనుక్కో."

"బాబాయిగారండీ, మాది తెరిచేదే పదింటికండి," అంది కుసుమ.

సుందరి గారికి ఇందులో వింతేమీ కనపడలేదు. "ఆదివారం దేవుడి దినం. ఆయన చూసుకుంటాడు," అన్నారు వంకాయలు తరుగుతూ. "మిగతా ఆరు రోజులూ మీరు చూసుకోండి."

ఇంటర్వ్యూ బుధవారం. మస్కట్‌లో ఎనిమిది, ఇక్కడ తొమ్మిదిన్నర. అదీ సరిగ్గా ఎర్రదీపం వేళ. వేళ మార్చమని అడగడానికి స్టెల్లాకి మొహం చెల్లలేదు. ఒకసారి మార్చినవాళ్ళే కదా. ముందురోజు సాయంత్రం ఎబినేజర్ గారే కుసుమకి ఫోన్ చేసి, వీరన్న తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండాలని చెప్పారు. ఉంటాడంది.

బుధవారం ఉదయం సుందరి గారు నాలుగున్నరకే లేచారు. కోడలి వెనక కనపడే గది శుభ్రంగా ఉండాలని ఆవిడ పట్టుదల. మంచం మీది దుప్పట్లు తీశారు. ఆ గది కిటికీకి ఉన్న మందపాటి కర్టెను తీశారు. నానబెట్టి, ఉతికి, జాడించి, ఎనిమిదిన్నరకి పెరట్లోకి తీసుకెళ్ళారు. స్టెల్లా నీలంరంగు చీర కట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ జవాబులు వల్లిస్తోంది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంది.

"వచ్చేసింది," అన్నారు ఎబినేజర్ గారు. ఆయన గొంతులో కంగారుతో పాటు, తన లెక్క తప్పలేదన్న గర్వం కొంచెం ఉందేమో, స్టెల్లా తలెత్తి చూసింది. ఆయన వీరన్నకి ఫోన్ చేశారు.

"ముమ్మిడివరం దగ్గరున్నానండి. లారీ అడ్డం పడింది. అరగంట పడుతుందండి."

"తొమ్మిదిన్నరకి మొదలురా నాయనా."

"స్విచ్ మటుకు ముట్టుకోకండి. ఒక పని చెయ్యండి. పెరట్లోకెళ్ళి వైరు చూసి, ఏం కనపడుతోందో చెప్పండి. ఎక్కడైనా కొబ్బరిమట్ట పడిందేమో."

ఎబినేజర్ గారు ఫోన్ చెవికి పెట్టుకునే పెరట్లోకి వెళ్ళారు. వెళ్ళి ఆగిపోయారు.

"వీరన్నా."

"ఆయ్, చెప్పండి."

"వైరు కనపడట్లేదు."

"తెగిపోయిందాండీ?"

"లేదు. వైరు మీద రెండు దుప్పట్లు, ఒక కర్టెను, నా లుంగీ ఉన్నాయి."

సుందరి గారు చివరి క్లిప్పు నోట్లో పట్టుకుని, దిండు గలీబు ఆరేస్తున్నారు.

"సుందరీ, ఇదేంటే?"

ఆవిడ క్లిప్పు తీశారు. "ఏదండీ?"

"ఇది నెట్ వైరు."

"తెలుసండీ. తాడు మొన్న వానలకి చివికిపోయింది కదా. ఇది చివకదు, తుప్పు పట్టదు, బట్టలకి మరక అంటదు. ఆ అబ్బాయి సరిగ్గా నా చెయ్యందే ఎత్తులో కట్టేడు. నా కోసమే కట్టేడనుకున్నాను."

"రోజూ ఇక్కడే ఆరేస్తున్నావా?"

"ఆదివారం ఉతకను కదండీ," అన్నారావిడ.

ఎబినేజర్ గారు పది రోజుల డైరీ మనసులోనే మూసేశారు. ఫోన్లో వీరన్న మెల్లగా అన్నాడు: "ఆ రోజు నిచ్చెన తేలేదండి. అందుకే కిందకి కట్టేను." మళ్ళీ అన్నాడు: "తడిబట్టల బరువుకి వైరు లాగి, మేకు దగ్గర చుట్ట బిగిసిపోయి ఉంటుందండి. గాజుపోగు అంత ముడుచుకుంటే వెలుగు బయటికి కారిపోతుంది. ముందు బట్టలు తీసెయ్యండి."

తీశారు. దుప్పటి ఇద్దరూ చెరోకొసా పట్టుకుని లాగారు. ఎబినేజర్ గారు లోపలికి పరిగెత్తి చూశారు. ఎర్రదీపం ఇంకా కొట్టుకుంటోంది. తొమ్మిదీ పది.

"పోలేదు."

"బిగిసింది వదల్లేదండి అయితే. వైరుని కొంచెం పైకెత్తండి, మేకు దగ్గర వదులైతే చాలు. గట్టిగా లాగకండి, విరిచెయ్యకండి."

పెరట్లో కొబ్బరికాయలు కోసే దోటి ఉంది. కొసన కొక్కెమున్న వెదురుకర్ర. ఎబినేజర్ గారు దాన్ని తలకిందులు చేసి, కొక్కెంలేని కొసతో, కిటికీకి రెండడుగుల ఇవతల వైరుని కింద నుంచి పైకెత్తారు. సుందరి గారు లోపల పెట్టె దగ్గర నిలబడ్డారు. హాలు కిటికీలోంచి మాట బాగా వినపడుతోంది.

"ఎరుపేనండీ."

ఇంకో జానెడు ఎత్తారు.

"ఎరుపేనండీ."

ఇంకొంచెం.

"ఆరిందండీ. రెండోది కొట్టుకుంటోంది."

"కొట్టుకోనీ. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తొమ్మిదీ పదిహేను. తొమ్మిదీ పదహారు.

"నిలబడిందండీ," అన్నారు సుందరి గారు. "ఇంటర్నెట్‌ది కూడా వచ్చింది. అది మెరుస్తోంది."

"అది మెరవాలి," అన్నారాయన.

చెయ్యి నొప్పెట్టి దోటి నాలుగు వేళ్ళు దించారు. "ఎరుపండీ" అని వినపడింది. గబుక్కున ఎత్తారు. మళ్ళీ ఆరింది, మళ్ళీ రెండోది కొట్టుకుని, తొమ్మిదీ ఇరవై రెండుకి కుదురుకుంది. ఇక ఆయనకి అర్థమైంది. ఇంటర్వ్యూ ఎంతసేపైతే అంతసేపు ఆ దోటి అక్కడ ఉండాలి. కట్టేద్దామంటే ఆ ఎత్తులో కొమ్మ లేదు, గోడ లేదు. సుందరి గారు స్టూలు తేనా అన్నారు. కదిలితే కష్టం, వద్దన్నారు.

తొమ్మిదిన్నరకి లోపల నుంచి స్టెల్లా గొంతు ఇంగ్లీషులో వినపడింది, మొదట సన్నగా, తర్వాత మామూలుగా.

తొమ్మిదీ నలభైకి బాపిరాజు గారు గట్టు మీదుగా చెరువుకి వెళ్తూ ఆగారు. రొయ్యల చెరువుల ఆసామి, మాటకారి.

"ఏమండీ ఎబినేజర్ గారూ, దోటి తిరగేసి పట్టుకున్నారు. కాయ కొక్కెంతో కొయ్యాలండీ."

"కాయ కాదండీ," అన్నారు ఎబినేజర్ గారు మెల్లగా.

"మరేంటండీ?"

"నెట్."

బాపిరాజు గారు వైరు వైపు చూశారు, మనిషి వైపు చూశారు. "మా ఇంట్లోనూ ఇదే కంపెనీ నెట్టండీ. మాకు కర్ర ఇవ్వలేదే?"

"మీరు కాస్త మెల్లగా మాట్లాడండి. లోపల ఇంటర్వ్యూ అవుతోంది."

"అయితే నేనొక చెయ్యి వెయ్యనా?"

"వద్దండీ. మీ చెయ్యి పడితే ఎత్తు మారుతుంది."

బాపిరాజు గారు వెళ్ళలేదు. గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. సుందరి గారు హాలు కిటికీలోంచి, నిమిషానికోసారి, పెదవులు కదపకుండా, చెయ్యి మాత్రం అడ్డంగా ఊపుతున్నారు. ఎరుపు లేదు అని. ఎబినేజర్ గారి భుజం మొదట మండింది, తర్వాత మొద్దుబారింది. కళ్ళజోడు మీదికి చెమట కారింది. తుడుచుకోలేదు.

పదీ ఐదుకి వీరన్న మోటారు సైకిలు ఆపి, సంచి భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. మేకు దగ్గరికి వెళ్ళి వంగి చూసి, చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"విప్పమంటారాండీ?"

"లోపల అయ్యేదాకా ముట్టుకోకు."

వీరన్న కూడా గట్టు మీద బాపిరాజు గారి పక్కన కూర్చున్నాడు.

పదీ పన్నెండుకి స్టెల్లా పెరట్లోకి వచ్చింది. ఎవరూ అడగలేదు. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"అయిందండీ," అంది. "మావయ్యగారండీ, దించెయ్యండి."

ఆయన దించలేదు. "ఏమన్నారమ్మా?"

"అన్నీ అడిగేరండీ. ఐసీయూలో రాత్రి డ్యూటీ చేస్తావా అన్నారు, చేస్తానన్నాను. చివర్లో ఒక మేడమ్ గారు, నీ వెనక కిటికీలోంచి ఒక పెద్దాయన కనపడుతున్నారు, నలభై నిమిషాలైంది కర్ర పట్టుకుని కదలట్లేదు, ఆయన బాగానే ఉన్నారా అని అడిగేరండీ."

సుందరి గారు తడి కర్టెను చేతిలో పట్టుకుని నోరు తెరిచారు.

"నువ్వేమన్నావు?" అన్నారు ఎబినేజర్ గారు.

"మా మావయ్యగారండీ, లైన్ కిందకి జారిపోకుండా పట్టుకున్నారండీ అన్నాను. వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వేరు." స్టెల్లా కొంగుతో మొహం తుడుచుకుంది. "సర్టిఫికెట్లు పంపమన్నారండీ. వచ్చే నెల ఒకటో తారీకుకి చేరగలవా అని అడిగేరు."

బాపిరాజు గారు గట్టు మీద నుంచి లేచి, పంచె దులుపుకున్నారు. "అయితే ఉద్యోగం వచ్చినట్టేనండీ."

"ఆయ్, అలాగే ఉందండీ."

ఎబినేజర్ గారు అప్పుడు దోటి దించారు. చెయ్యి మాత్రం దిగలేదు. పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. కోడలు దగ్గరికి వచ్చి, రెండు చేతులతో మోచెయ్యి పట్టుకుని, నర్సులు పట్టుకునే పద్ధతిలో మెల్లగా మడిచి కిందకి దించింది.

"నొప్పుందాండీ?"

"పర్లేదమ్మా," అన్నారాయన. "సుభాష్‌కి ఫోన్ చెయ్యి ముందు."

స్టెల్లా ఫోన్ తీసి, లోపలికి చూసి, ఆగింది. మస్కట్‌కి మాట వెళ్ళేదీ ఆ నెట్ మీదే. ఎర్రదీపం కొట్టుకుంటోంది. వీరన్న అప్పటికే మేకు మీద వైరు విప్పుతున్నాడు.

"రెండు నిమిషాలాగండి చెల్లెమ్మా. చుట్ట పెద్దది చేసి, నిచ్చెనేసి పైకి కట్టేస్తాను."

"ఎంత పైకి?" అన్నారు సుందరి గారు, కర్టెను భుజాన వేసుకుని.

"మీ చెయ్యి అందనంత పైకండి పిన్నిగారూ."

ఆవిడ ఆ మాట బాగాలేదన్నట్టు చూసి, కర్టెను తీసుకెళ్ళి గోడ మీద ఆరేశారు. స్టెల్లా ఆగలేకపోయింది. ఫోన్ పట్టుకుని, సెల్‌లో నెట్ సిగ్నల్ ఒక్క గీతైనా దొరుకుతుందేమోనని, బాపిరాజు గారిని దాటుకుని, గట్టు మీదుగా చెరువుల వైపు పరిగెత్తింది.